మైనస్ 33 యూరోల బాండు

2020 జూన్‌లో ఆస్ట్రియా ప్రభుత్వం ఒక బాండు అమ్మింది. గడువు నూరేళ్లు. 2120లో అసలు తిరిగి ఇస్తారు. అందాకా ప్రతి 100 యూరోలకూ ఏడాదికి 85 సెంట్లు, అంటే 0.85 శాతం వడ్డీ ఇస్తారు. అప్పట్లో యూరప్‌లో వడ్డీ అనే మాటే మరుగున పడిపోయింది కాబట్టి జనం ఎగబడే కొన్నారు. 0.88 శాతం రాబడి లెక్కన 100 యూరోల బాండు దాదాపు 98 యూరోలకు అమ్ముడుపోయింది.

ఆ బాండు కొన్న ఒకాయన దగ్గర కాలిక్యులేటర్ ఉందనుకుందాం. వడ్డీ రేట్లు 2 శాతం పెరిగితే తన బాండు ధర ఎంతకు పడుతుందో చూసుకోవాలనుకున్నాడు. (ఈ వ్యాసంలో 2 శాతం పెరగడమంటే 0.88 నుంచి 2.88కి వెళ్లడం.) బాండుల లోకంలో దీనికి ఒక దగ్గరి దారి ఉంది. బాండు డ్యూరేషన్‌ను వడ్డీ మార్పుతో గుణించడమే. ఈ బాండు డ్యూరేషన్ 66.8. రెండుతో గుణిస్తే 133.6. అంటే ధర 133.6 శాతం పడాలి. 98 యూరోల వస్తువు 133 శాతం పడితే మిగిలేది మైనస్ 33 యూరోలు.

బాండును వదిలించుకోవడానికి ఎదురు డబ్బిచ్చి దండం పెట్టాలన్నమాట. అలాంటిది జరగదని చిన్నపిల్లాడికీ తెలుసు. ఆస్ట్రియా ఏటా 85 సెంట్లు ఇస్తూనే ఉంటుంది, చివర్లో 100 ఇస్తుంది, అలాంటి కాగితం విలువ సున్నాకు కిందికి ఎలా పోతుంది? గుణకారంలో తప్పు లేదు. డ్యూరేషన్ కూడా సరైనదే. తప్పల్లా చిన్న కదలికల కోసం పుట్టిన లెక్కను పెద్ద కదలికకు వాడడంలో ఉంది. దాన్ని సరిదిద్దేందుకు చేర్చే రెండో ముక్కనే కాన్వెక్సిటీ అంటారు. ఆ రెండో ముక్క కూడా ఈ బాండు దగ్గరికి వచ్చేసరికి ఓ విచిత్రం చేస్తుంది. ముందు మనకు బాగా అలవాటున్న బాండుతో మొదలుపెట్టి అక్కడికి వెళదాం.

పదేళ్ల బాండు, 7 శాతం కూపన్, ధర 100 రూపాయలు. మన ప్రభుత్వ బాండ్లు ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తాయి గానీ, లెక్క తేలిగ్గా ఉండాలని ఏడాదికోసారి అనుకుందాం. మార్కెట్లో వడ్డీ 7 నుంచి 9కి పెరిగితే ఈ పాత 7 శాతం బాండును 100 పెట్టి ఎవరూ కొనరు. కొత్తగా వచ్చే బాండ్లు 9 ఇస్తుంటే దీన్నెవరు ముట్టుకుంటారు? ధర తగ్గితేనే అమ్ముడవుతుంది. ఎంత తగ్గాలో నిక్కచ్చిగా తెలియాలంటే పదేళ్లలో వచ్చే ఒక్కో రూపాయినీ 9 శాతం లెక్కన నేటి విలువకు కుదించి కూడాలి. అలా కూడితే 87.16 వస్తుంది. కంప్యూటర్ లేని రోజుల్లో వందల బాండ్లకు ఇలా కూడడం అంటే రాత్రి తెల్లవారిపోయేది. అందుకే దగ్గరి దారి.

డ్యూరేషన్ అనే కొలతను ఫ్రెడరిక్ మెకాలే అనే కెనడియన్ ఆర్థికవేత్త 1938లో ఇచ్చాడు. బాండు నుంచి డబ్బు సగటున ఎన్నేళ్లకు చేతికొస్తుందన్నది ఆయన కొలిచింది. దాన్ని కొంచెం సవరిస్తే, వడ్డీ ఒక శాతం కదిలితే ధర ఎన్ని శాతం కదులుతుందో చెప్పే అంకె అవుతుంది. దాన్నే మోడిఫైడ్ డ్యూరేషన్ అంటారు. మ్యూచువల్ ఫండ్ల నెలవారీ ఫ్యాక్ట్‌షీట్‌లో డెట్ ఫండ్ పేరు కింద కనబడేది ఇదే. ఇక్కడ డ్యూరేషన్ అని రాసిన చోటల్లా ఉద్దేశం ఇదే.

మన పదేళ్ల బాండు డ్యూరేషన్ 7.02. కాబట్టి వడ్డీ 2 శాతం పెరిగితే ధర 14.05 శాతం పడి 85.95కి రావాలి. అసలు ధర 87.16 అని ఇందాకే చూశాం. అంటే డ్యూరేషన్ చెప్పినంత నష్టం రాలేదు. ఇప్పుడు వడ్డీ 2 శాతం తగ్గి 5కి వస్తే? డ్యూరేషన్ ప్రకారం 114.05 కావాలి. అసలు ధర 115.44. చెప్పినదానికంటే లాభం ఎక్కువ వచ్చింది. రెండు వైపులా పొరపాటు బాండు ఉన్నవాడికి మేలు చేసే దిక్కునే ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు.

ఎందుకిలా? ఒక్క రూపాయల కట్టను దగ్గరగా పట్టుకుని చూస్తే తెలుస్తుంది. పదేళ్ల తర్వాత చేతికొచ్చే 100 రూపాయల నేటి విలువ 7 శాతం దగ్గర 50.83. వడ్డీ 8 అయితే 46.32. నాలుగున్నర రూపాయలు పోయాయి. 8 నుంచి 9కి వెళితే 42.24. ఈసారి పోయింది 4.08 మాత్రమే. 9 నుంచి 10కి వెళితే 38.55. పోయింది 3.69. ప్రతి శాతమూ కోసేది ముందు కోతలో మిగిలిన దాని నుంచే కాబట్టి ఒక్కో కోత చిన్నదవుతూ వస్తోంది. వెనక్కి వెళితే తిరగబడుతుంది. 7 నుంచి 6కి వస్తే 5.01 లాభం, 6 నుంచి 5కి వస్తే 5.55. కాగితం మీద గీస్తే ఇది గీత కాదు, మధ్యలో కిందికి సాగిన తోరణంలా వంగిన రేఖ. డ్యూరేషన్ ఆ రేఖను ఒక్కచోట తాకుతూ గీసిన తిన్నని కర్ర. తాకిన చోట రెండూ ఒకటే. దూరం పోయేకొద్దీ కర్ర కిందికి దిగిపోతుంది, రేఖ ఎప్పుడూ దాని పైనే ఉంటుంది.

వడ్డీ పావు శాతం కదిలితే ఈ తేడా ఎవరికీ పట్టదు. కానీ రేట్లు ఎప్పుడూ పావులతోనే కదలవు. 2008 జులైలో మన పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి 9 శాతం పైన ఉండేది. ఆ ఏడు ముగిసేసరికి 5 దరిదాపులకు దిగింది. ఆరు నెలల్లో నాలుగు శాతం!

కర్రను రేఖ దగ్గరికి వంచే లెక్క మనకు కొత్తది కాదు. బళ్లో భౌతికశాస్త్రం చదివిన ప్రతివాళ్లూ బట్టీ పట్టిందే: s = ut + ½at². బస్సు స్టాండు నుంచి బయల్దేరాక ఎంత దూరం పోయిందో చెప్పాలంటే వేగాన్ని కాలంతో గుణిస్తే చాలదు. వేగం కూడా మారుతోంది కాబట్టి త్వరణంలో సగాన్ని కాలం వర్గంతో గుణించి చేర్చాలి. బాండు సూత్రం అచ్చం ఇదే:

```
ΔP/P ≈ −D × Δy + ½ × C × (Δy)²
```

ఇక్కడ D డ్యూరేషన్, అది వేగం. C కాన్వెక్సిటీ, అది త్వరణం. Δy వడ్డీ మార్పు, అది కాలం స్థానంలో ఉంది. వడ్డీ మారుతుంటే డ్యూరేషన్ తానే మారిపోతుంది, ఎంత జోరుగా మారుతుందో కాన్వెక్సిటీ చెబుతుంది. మన పదేళ్ల బాండు కాన్వెక్సిటీ 64.93. రెండు శాతాన్ని 0.02గా రాసి వర్గం చేస్తే 0.0004. సగం వేసి గుణిస్తే 0.013, అంటే 1.3 శాతం. వడ్డీ పెరిగితే మైనస్ 14.05కు 1.30 కలిపి మైనస్ 12.75. అసలు మార్పు మైనస్ 12.84. వడ్డీ తగ్గితే 14.05కు 1.30 కలిపి 15.35. అసలు మార్పు 15.44. వర్గం చేశాం కాబట్టి వడ్డీ ఎటు కదిలినా ఈ సవరణ ప్లస్ గానే వస్తుంది. వంద రూపాయల మీద రూపాయికి పైగా ఉన్న తప్పు తొమ్మిది పైసలకు దిగింది.

ఈ లెక్కలో జారిపడే చోట్లు రెండున్నాయి. మొదటిది ఆ ½ మరిచిపోవడం. రెండోది నేను స్వయంగా జారిన చోటు. ట్రెజరీలో పని నేర్చుకుంటున్న రోజుల్లో తెర మీద ఇలాంటి పదేళ్ల బాండుకు కాన్వెక్సిటీ 0.65 అని కనబడింది. నేను దాన్నే సూత్రంలో వేసి, సవరణ 0.013 శాతమే వస్తోంది, దీనికింత రభస దేనికని పక్క సీట్లో ఉన్న గుంటూరు పెద్దాయనతో అన్నాను. ఆయన తల తిప్పకుండానే, "ఏవయ్యా, 5 దగ్గర ధరెంత, 9 దగ్గర ధరెంత? రెండూ కలిపి సగం చేసి చూడు" అన్నారు. 115.44, 87.16 కూడి సగం చేస్తే 101.30. "వంద మీద ఎంత ఎక్కువుంది?" రూపాయి ముప్పై పైసలు. "అదేనయ్యా నీ సవరణ. నీకొచ్చింది పైసాకు కాస్త ఎక్కువ." కొన్ని తెరలు, కొన్ని పుస్తకాలు కాన్వెక్సిటీని వందతో భాగించి చూపిస్తాయి. 65 అనేది 0.65 అవుతుంది. పొరపాటు జరిగినా ఎక్కడా ఎర్రదీపం వెలగదు, జవాబు కూడా నమ్మదగ్గట్టే ఉంటుంది. సవరణ ఒక్కటే మాయమైపోతుంది. పెద్దాయన చూపిన పద్ధతిని నేను ఇప్పటికీ వాడతాను. వడ్డీని అటూ ఇటూ ఒకే దూరం జరిపి రెండు ధరలు కట్టి, వాటి సగటు ఇప్పటి ధర మీద ఎంత ఎక్కువ ఉందో చూడటం. ½ మరిచినా, వందతో భాగించినా అక్కడ దొరికిపోతుంది.

ఇక ఆస్ట్రియాకు వద్దాం.

కాన్వెక్సిటీ కట్టేటప్పుడు ఒక్కో చెల్లింపుకు దాని దూరంతో బరువు వేస్తారు. ఆ బరువు ఏళ్ల సంఖ్యను దాని పక్క సంఖ్యతో గుణిస్తే వచ్చేది. పదేళ్ల దూరంలో ఉన్న రూపాయికి 10 గుణించు 11, అంటే 110. నూరేళ్ల దూరంలో ఉన్న దానికి 100 గుణించు 101, అంటే 10,100. డ్యూరేషన్‌లో పది రెట్లు దూరమైతే బరువు పది రెట్లే పెరుగుతుంది, ఇక్కడ దాదాపు వంద రెట్లు పెరుగుతోంది. పైగా ఆస్ట్రియా బాండులో ఏటా వచ్చేది 85 సెంట్లే కాబట్టి, విలువలో పెద్ద భాగం ఆ చివరి వంద యూరోల దగ్గరే వేలాడుతోంది. అందుకే దీని డ్యూరేషన్ మన పదేళ్ల బాండుకు తొమ్మిదిన్నర రెట్లుంటే, కాన్వెక్సిటీ 5,753. దాదాపు 89 రెట్లు.

ముందు చిన్న అడుగు వేద్దాం. వడ్డీ అర శాతం తగ్గి 0.38 అయిందనుకోండి. డ్యూరేషన్ వల్ల 33.4 శాతం లాభం, కాన్వెక్సిటీ వల్ల ఇంకో 7.2. ధర 98 నుంచి 137.8కి చేరాలి. నిక్కచ్చిగా కడితే 139. డ్యూరేషన్ ఒక్కటే అయితే 130.7 దగ్గర ఆగిపోయేది. ఇది ఊహకందని మార్పేం కాదు. 2020 చివరికల్లా ఈ బాండు ధర నిజంగానే 130 దాటింది. అర శాతం పెరిగితే డ్యూరేషన్ 65.3 అంటుంది, సవరణ చేరిస్తే 72.3, అసలు ధర 71.35.

ఆ ఆఖరి రెండు అంకెలను ఇంకోసారి చూడండి. సవరణ చేశాక మన అంచనా అసలు ధరకంటే పైనుంది. పదేళ్ల బాండులోనూ అంతే. మైనస్ 12.75 అన్నాం, మైనస్ 12.84 వచ్చింది. డ్యూరేషన్ ఒక్కటే వాడినప్పుడు నష్టాన్ని ఎక్కువ చేసి చెప్పి భయపెడుతుంది. కాన్వెక్సిటీ చేర్చాక నష్టాన్ని కొంచెం తక్కువ చేసి చెబుతుంది. తప్పు చిన్నదైంది, కానీ దిక్కు మారింది. రిస్కు లెక్కలు చూసేవాడికి రెండో తప్పే ప్రమాదకరం, ఎందుకంటే అది నిద్రపుచ్చుతుంది. మామూలు బాండ్లలో ఇది పైసల మాట కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆస్ట్రియా దగ్గర పట్టించుకోవాల్సి వచ్చింది.

ఒక శాతం పెరిగి 1.88 అయితే డ్యూరేషన్ చెప్పే ధర 32.5. సవరణతో 60.7. అసలు 53.7. అంచనా ఏడు యూరోలు పైన తేలుతోంది. రెండు శాతం పెరిగి 2.88 అయితే? డ్యూరేషన్ ఒక్కటే మైనస్ 33 అన్నది మనకు తెలుసు. కాన్వెక్సిటీ సవరణ 5,753లో సగాన్ని 0.0004తో గుణిస్తే 115 శాతం. మైనస్ 133.6కు ప్లస్ 115.1 కలిపితే మైనస్ 18.5. ధర 79.9.

సున్నా కిందికి పోయిన ధర పైకి లేచింది, సంతోషం. కానీ వడ్డీ ఒక శాతం పెరిగితే 60.7, రెండు శాతం పెరిగితే 79.9 అంటోంది సూత్రం. ఎక్కువ పెరిగితే తక్కువ నష్టమట! అసలు ధర 33.6. మొదటి లెక్క బాండును పాతాళానికి తొక్కింది, రెండోది అటక మీదికి ఎక్కించింది. నిజం ఎక్కడో మధ్యలో ఉంది.

ఏం జరిగిందో బస్సు మళ్లీ చెబుతుంది. వేగంగా పోతున్న బస్సుకు బ్రేకు వేస్తే అదే సూత్రం, ½at² ముందు మైనస్ వస్తుంది అంతే. బస్సు ఆగే క్షణం దాకా జవాబు సరిగ్గానే ఉంటుంది. ఆగాక కూడా కాలాన్ని పెంచుకుంటూ పోతే బస్సు వెనక్కి నడుస్తోందని సూత్రం చెబుతుంది. బస్సుకు ఆ సంగతి తెలియదు, అది ఆగిన చోటే నిలబడి ఉంటుంది. త్వరణం మారదనుకుని కట్టిన లెక్క అది. మనం కూడా వడ్డీ ఎంత పెరిగినా కాన్వెక్సిటీ 5,753 గానే ఉంటుందనుకున్నాం. నిజానికి 2.88 శాతం దగ్గర ఈ బాండు డ్యూరేషన్ 66.8 నుంచి 40.6కు, కాన్వెక్సిటీ సగానికి పడిపోతాయి. వంపు కూడా మెత్తబడుతూ పోతోంది. సూత్రం మాత్రం మొదట్లో ఉన్న వంపుతోనే రేఖను పైకి తిప్పేసింది.

ఈ బస్సు ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పొచ్చు. డ్యూరేషన్‌ను కాన్వెక్సిటీతో భాగించండి. 66.8ని 5,753తో భాగిస్తే 0.0116, అంటే 1.16 శాతం. వడ్డీ అంతకుమించి పెరిగితే సూత్రం ధరను పెంచడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి దాని మాట చెల్లదు. మన పదేళ్ల బాండుకు 7.02ని 64.93తో భాగిస్తే 10.8 శాతం. అంత కదలిక ఎవరూ అడగరు కాబట్టి దాని విషయంలో నిశ్చింత. నా మటుకు నేను పెట్టుకున్న హద్దు, ఆ భాగహారంలో వచ్చిన అంకెలో పావు వంతు. ఆస్ట్రియాకు అది 0.29 శాతం. పావు శాతం పెరిగితే సవరణతో వచ్చే ధర 83.41, అసలు 83.28. అక్కడిదాకా కళ్లు మూసుకుని వాడొచ్చు. సగం దాటితే అంచనాను చూసి ఊరుకోకుండా పూర్తి ధర కట్టాలి. ఇది శాస్త్రం కాదు, అనుభవంతో గీసుకున్న గీత.

మన దేశంలోనూ దీర్ఘకాల బాండ్లున్నాయి. 2023 నవంబరులో కేంద్రం మొదటిసారి యాభై ఏళ్ల బాండు తెచ్చింది, 7.46 శాతం కూపన్‌తో, 2073లో తీరేది. గడువు యాభై ఏళ్లంటే డ్యూరేషన్ ముప్పయ్యో నలభయ్యో అనుకుంటాం. కాదు, 13 మాత్రమే. కూపన్ పెద్దది కావడంతో పెట్టిన డబ్బులో చాలా భాగం ముందే చేతికొచ్చేస్తుంది, 2073లో వచ్చే అసలు నేటి విలువ వందకు మూడు రూపాయలు కూడా ఉండదు. ఏడాదికోసారి వడ్డీ అనుకుని కడితే కాన్వెక్సిటీ సుమారు 315. భాగహారంలో 4 శాతం దాటుతుంది. వడ్డీ 2 శాతం పెరిగితే డ్యూరేషన్ 26 శాతం నష్టమంటుంది, సవరణతో 19.8, అసలు 20.9. అంకెలన్నీ దారిలోనే ఉన్నాయి గానీ ఇది ఇప్పటికే సగం దగ్గర ఉన్న కదలిక, అందుకే ఒక శాతం పైగా తేడా. నష్టం తక్కువగా కనబడే దిక్కులోనే అని వేరే చెప్పనక్కర్లేదు.

పెద్దాయన పద్ధతిలో ఈ లెక్క ఇంట్లో కట్టుకోవాలంటే ఎక్సెల్ చాలు. ఆస్ట్రియా బాండు ధర, డ్యూరేషన్ ఇలా వస్తాయి:

```
=PRICE(DATE(2020,6,30),DATE(2120,6,30),0.85%,0.88%,100,1)
=MDURATION(DATE(2020,6,30),DATE(2120,6,30),0.85%,0.88%,1)
```

మొదటి వరుసలో 0.88% బదులు 0.98% అని ఒకసారి, 0.78% అని ఒకసారి పెట్టి రెండు ధరలు తీసుకోండి. ఎక్సెల్‌లో కాన్వెక్సిటీకి ప్రత్యేకంగా ఫంక్షన్ లేదు కాబట్టి ఇలా కట్టాలి:

```
C ≈ (P₊ + P₋ − 2P₀) / (P₀ × (Δy)²)
```

P₀ ఇప్పటి ధర, P₊, P₋ వడ్డీ కాస్త పెరిగినప్పటి, తగ్గినప్పటి ధరలు. Δy ఇక్కడ 0.001. అంకెలను రెండు దశాంశాలకు కుదించకండి. పై వరుసలో చిన్న తేడాను అంతకంటే చిన్న సంఖ్యతో భాగిస్తున్నాం కాబట్టి, ముందే కుదిస్తే జవాబు అటూ ఇటూ ఊగిపోతుంది.

ధర కట్టే ఫంక్షన్ చేతిలో ఉన్నప్పుడు అంచనా దేనికి, నేరుగా 2.88% పెడితే పోలేదా అని అడగొచ్చు. ఒక్క బాండుకైతే పోయినట్టే, అలాగే చేయాలి కూడా. అంచనా పనికొచ్చేది వందల బాండ్లున్న ఫండు దగ్గర. ఒక్కో బాండు డ్యూరేషన్‌ను, కాన్వెక్సిటీని వాటి విలువల ప్రకారం సగటు చేస్తే మొత్తం ఫండుకు రెండే అంకెలు వస్తాయి. రేట్లు ఎంత కదిలినా ఆ రెండింటితో క్షణంలో చూసుకోవచ్చు. అయితే ఈ లెక్క ఏడాది బాండు మీద, ముప్పై ఏళ్ల బాండు మీద వడ్డీ ఒకే మోతాదులో కదిలిందనుకుంటుంది. నిజంలో చిన్న గడువుల రేట్లు ఎగిరి పెద్దవి కదలకపోవడం మామూలే. అప్పుడు వచ్చే తేడాను కాన్వెక్సిటీ సరిదిద్దలేదు, అది వేరే జబ్బు.

అప్పు తీసుకున్నవాడికి ముందే తీర్చేసే హక్కున్న బాండ్లతో మరీ జాగ్రత్త. అమెరికాలో స్థిర వడ్డీ ఇంటి రుణాలను మూటగట్టి అమ్మే బాండ్లు ఈ కోవలోవి. వడ్డీ తగ్గగానే జనం పాత రుణం తీర్చేసి కొత్తది తీసుకుంటారు. బాండు ఉన్నవాడికి లాభం రావాల్సిన సమయానికి అసలు తిరిగొచ్చేస్తుంది. రేఖ అటు తిరగబడి కిందికి వంగుతుంది, కాన్వెక్సిటీ మైనస్ అవుతుంది. పెద్దాయన పరీక్ష ఇక్కడా పనిచేస్తుంది. రెండు ధరల సగటు ఇప్పటి ధరకంటే తక్కువ వస్తే అది ఆ రకం బాండు. కాకపోతే ఆ రెండు ధరలూ కట్టేటప్పుడు ఎంతమంది ముందే తీరుస్తారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆస్ట్రియా కథ సగంలో వదిలేశాం. 2022 జులై నుంచి యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేట్లు పెంచుకుంటూ పోయింది. మైనస్ 0.5 దగ్గరున్న డిపాజిట్ రేటు 2023 సెప్టెంబరుకి 4 శాతమైంది. ఆ శీతాకాలానికి ముందే వందేళ్ల బాండు 40 యూరోల కిందికి వచ్చింది. మన కాగితం మీది 2.88 శాతం లెక్కలోనూ 33.6 యూరోలే మిగిలాయి. అందులో 27.8 యూరోలు ఏటా వచ్చే ఆ 85 సెంట్లవి. 2120లో ఎవరి మునిమనవడో అందుకోబోయే వంద యూరోలకు 5.85.